ఫోటోలో యూనిఫాం మార్చాలంటే

వెనకటి ఫోటో స్టూడియోల్లో గోడకు ఒక మేకు, మేకుకు ఒక నల్లకోటు, ఆ కోటు జేబులోంచి తొంగిచూస్తూ ఒక టై ఉండేవి. పెళ్లిసంబంధానికి ఫోటో దిగేవాడైనా, ఉద్యోగం దరఖాస్తుకు దిగేవాడైనా అదే కోటు. వదులైతే వీపు వెనక బట్టలారేసుకునే క్లిప్పులు పెట్టి బిగించేవాళ్లు. వెనకవైపు ఎవరు చూడొచ్చారు గనక!

ఇప్పుడా కోటు కంప్యూటర్లోకి చేరింది. క్లిప్పుల అవసరం తీరిపోయింది గానీ కొత్త చిక్కొకటి వచ్చింది. మేకు మీది కోటు వేసుకున్నవాడి మీద పడే వెలుగే కోటు మీదా పడేది. కంప్యూటర్లో అతికించిన కోటు మీద అది దానంతటది పడదు. మనమే వేయాలి. కంప్యూటర్లో వేసిన యూనిఫాం చాలావరకు ఎందుకు వెలితిగా కనిపిస్తుందో చెప్పమంటే నేను ఇదొక్కటే చెబుతాను.

రెండేళ్ల కిందటి మాట. మా ఊళ్లో ఒక ప్రైవేటు స్కూలు వాళ్లు వేసవి సెలవుల్లో యూనిఫాం మార్చారు. పాతది తెల్ల చొక్కా. కొత్తది మెరూన్ చొక్కా, ముదురు నీలం మీద పసుపు చారల టై, జేబు మీద బ్యాడ్జి. బట్ట వచ్చింది, దర్జీల దగ్గర ఇరుక్కుపోయింది. బడి తెరిచిన మొదటి వారంలోనే ఐడీ కార్డులు ఇవ్వాలని యాజమాన్యం పట్టుదల. పాత ఫోటోలు మా స్టూడియోలోనే ఉన్నాయి. నలభై రెండు మంది పిల్లలు, దాదాపు అందరూ తెల్ల చొక్కాల్లో. "వీటినే కొత్త డ్రెస్సులోకి మార్చి ఇవ్వండి, తల్లిదండ్రులకు చెప్పాం" అన్నారు. పిల్లలు ఎదురుగా ఉంటే ఈ తంటా ఉండేదే కాదు. చొక్కా తొడిగి తీస్తే ఒక్కొక్కరికి ఐదు నిమిషాల పని.

మా దగ్గర పనిచేసే కుర్రాడు ఉత్సాహంగా మొదటి ఫోటో తీసుకున్నాడు. చొక్కా చుట్టూ సెలక్షన్ గీశాడు, ఫోటోషాప్‌లో మెరూన్ రంగు పొర ఒకటి వేశాడు, దాని మోడ్ Color అని పెట్టాడు. చొక్కా లేత గులాబీ అయింది. రంగు ఎంత ముదురుగా మార్చినా గులాబీయే. "అన్నా, ఇది మెరూన్ అవట్లేదేంటి?" అన్నాడు.

అవదు. Color మోడ్ బట్ట రంగును మాత్రమే మారుస్తుంది, దాని వెలుతురు స్థాయిని ముట్టుకోదు. తెల్ల చొక్కా వెలుతురు అలాగే ఉండిపోతే దాని మీద పడ్డ మెరూన్ గులాబీగానే మిగులుతుంది. నీలం చొక్కాను ఆకుపచ్చ చేయాలంటే, అంటే రెండూ దాదాపు ఒకే ముదురుగా ఉంటే, ఈ మోడ్ చక్కగా పనిచేస్తుంది. తెలుపు నుంచి ముదురు రంగుకు వెళ్లాలంటే Multiply కావాలి.

అదేం చేస్తుందో అర్థం కావాలంటే నాటకాల్లో దీపం ముందు పెట్టే రంగు గాజుకాగితాన్ని గుర్తు చేసుకోండి. తెల్ల గోడ మీదికి ఆ వెలుగు వస్తే గోడ కాగితం రంగులోకి మారుతుంది, గోడ మీది నీడలు ఇంకా ముదురవుతాయి. Multiply చేసేదీ ఇదే. ఫోటోలో ప్రతి చుక్కకూ 0 నుంచి 255 వరకు వెలుతురు లెక్క ఉంటుంది. మేం తీసుకున్న మెరూన్‌లో ఎరుపు 110, ఆకుపచ్చ 20, నీలం 35. ఎరుపు ఒక్కటే చూద్దాం. చొక్కా మీద వెలుగు పడ్డ చోట 235 ఉంటే, 235ను 110తో గుణించి 255తో భాగిస్తే 101 వస్తుంది. మడత నీడలో 170 ఉంటే 73 వస్తుంది. రెండూ తగ్గాయి, కానీ ఆ రెంటి మధ్య నిష్పత్తి చెడలేదు. మడత మడతగానే మిగిలింది. కంటికి బట్ట అని నమ్మకం కలిగించేది ఈ నిష్పత్తే.

అదే చొక్కా ఫోటోలో వెలుగు ఎక్కువై అంతా 255కి కొట్టుకుపోయి ఉంటే? అప్పుడు మడతలే లేవు. ఎన్ని రకాలుగా గుణించినా అట్టముక్కకు రంగేసినట్టు వస్తుంది. ఆ నలభై రెండింటిలో నాలుగు ఫోటోలు ఇలాంటివే. ఫ్లాష్ దగ్గరగా పెట్టి తీసినవి. వాటిని బాగుచేసే మంత్రం ఏదీ లేదు. మరో ఫోటోలోంచి చొక్కా మొత్తాన్ని తెచ్చి పెట్టాల్సిందే. కాబట్టి పని ఒప్పుకునే ముందే చొక్కాలోని తెలుపు మీద మౌస్ పెట్టి అంకెలు చూసుకోవడం మంచిది. 245 దాటి ఎక్కువ మేర పరుచుకుని ఉంటే ఆ ఫోటోను పక్కన పెట్టండి.

ఇక ఎదురు దారి, ముదురు నీలాన్ని తెలుపు చేయడం, ఇంతకన్నా కష్టం. ముందు రంగు తీసేసి, తర్వాత Curves తో వెలుతురు పైకి లాగాలి. నలుపులో దాగి ఉన్న ఇసుకలాంటి గరుకంతా అప్పుడు బయటపడుతుంది. లేత బూడిద దాకా తేవచ్చు గానీ, ఉతికి గంజి పెట్టిన తెలుపు మాత్రం రాదు.

రంగు ఎక్కడి నుంచి తీసుకోవాలన్నది ఇంకో గొడవ. స్కూలువాళ్లు కొత్త యూనిఫాం ఫోటోను వాట్సాప్‌లో పంపారు. అందులో చొక్కా ఇటుక రంగులో ఉంది. ట్యూబ్‌లైటు కింద ఎవరో సెల్‌ఫోన్‌తో తీసింది. కుట్టించిన నమూనా చొక్కా, టై, బ్యాడ్జి ఒక్కొక్కటి పంపమన్నాను. పిల్లల్ని కూర్చోబెట్టిన అదే స్టూలు మీద, అవే లైట్ల కింద, అదే కెమెరాతో, పిల్లలంత వయసున్న మా మేనల్లుడికి ఆ చొక్కా తొడిగి మూడు ఫోటోలు తీశాను. నిటారుగా ఒకటి, కాస్త ఎడమకు తిరిగి ఒకటి, కాస్త కుడికి తిరిగి ఒకటి. రంగు అందులోంచే తీసుకున్నాం. మెరుపున్న చోటా మడత లోపలా కాకుండా నడిమి వెలుగు పడ్డ ఛాతీ మీద నుంచి. ఒక్క చుక్క కాదు, ఐదేసి చుక్కల సగటు. ఈ మూడు ఫోటోలే తర్వాత కాలర్లకూ టైలకూ ముడిసరుకయ్యాయి. నిజం చెప్పాలంటే మొత్తం పనిలో తెలివైనది ఇదొక్కటే, మిగతాదంతా ఓపిక.

రంగు మారాక మొదట బయటపడేది అంచు. మెడ దగ్గర చొక్కా చుట్టూ సన్నటి తెల్లదారంలాంటి గీత మిగులుతుంది. పాత తెల్ల చొక్కా అంచు అది, మాస్క్ దాని దాకా చేరలేదన్నమాట. మాస్క్‌ను చర్మం వైపు ఒక చుక్క మేర జరిపితే పోతుంది. అంచును కత్తితో కోసినట్టు వదలకూడదు. ఫోటోలో చెవి అంచు ఎంత మెత్తగా ఉందో చొక్కా అంచు కూడా అంతే మెత్తగా ఉండాలి. జడలు భుజాల మీద పడ్డ ఆడపిల్లల ఫోటోలు అసలు పరీక్ష. వెంట్రుకల సందుల్లో తెలుపు మిగిలితే జడకు చుండ్రు పట్టినట్టుంటుంది. అక్కడ చిన్న బ్రష్షుతో చేత్తో దిద్దుకోవడమే.

రెండోది చాలామంది చూడరు. గడ్డం కింద చూడండి. తెల్ల చొక్కా వేసుకున్నవాడి గడ్డం కింద చొక్కా నుంచి పైకి కొట్టిన తెల్లటి వెలుగు ఉంటుంది. ఆకుపచ్చ చొక్కా అయితే అక్కడ చర్మం మీద పచ్చటి జీర ఉంటుంది. చొక్కా మెరూన్ అయిపోయి గడ్డం కింద మాత్రం తెల్లటి వెలుగు అలాగే నిలిచి ఉంటే, చూసేవాడు ఏది తప్పో చెప్పలేడు గానీ ఏదో తేడాగా ఉందంటాడు. మెత్తని పెద్ద బ్రష్షుతో, పదీ పదిహేను శాతం బలంతో అక్కడ కాస్త వెలుగు తగ్గించి, మెరూన్ ఛాయను ఉండీ లేనట్టు పూస్తే సరిపోతుంది. అంతకుమించితే పిల్లాడికి దెబ్బ తగిలి కమిలినట్టు కనిపిస్తుంది. ముఖం జోలికి మాత్రం పోకూడదు.

నలభై రెండు మందిలో ఐదుగురు పోయినేడు గుండ్రటి మెడ టీషర్టులో వచ్చి ఫోటో దిగారు. వాళ్లకు కాలర్ లేదు, పెట్టాలి. కుర్రాడు మేనల్లుడి ఫోటోలోంచి కాలర్ కత్తిరించి మెడ మీద వేశాడు. కాలర్ వచ్చింది, కానీ మెడలో వేసిన పూలదండలాగా ముందుకు వేలాడుతోంది. రెండు కారణాలు. కాలర్ మెడ చుట్టూ తిరిగి వెనక్కి వెళ్తుంది. మెడ పక్కల్లో లోపలి పట్టీ కొంచెం, చీకటిగా, కనబడాలి. అది లేకపోతే కాలర్ మెడను పట్టుకున్నట్టుండదు. కాబట్టి లోపలి పట్టీని వేరే ముక్కగా, మెడ వెనక పొరలో పెట్టాలి. రెండో కారణం, నీడలు లేకపోవడం. కాలర్ రెక్క కింద చొక్కా మీద సన్నటి నీడ ఉంటుంది, లైటు ఎటుందో దానికి ఎదురువైపు కాస్త ఎక్కువగా. అదీ వేశాడు. అయినా కుదరలేదు. గడ్డం నీడ మర్చిపోయాడు! గడ్డం నీడ మెడ మీద పడి, అక్కడి నుంచి కాలర్ మీదికి దిగుతుంది. మెడ మీద నీడ ఉండి, దాన్ని తాకుతున్న కాలర్ మీద అది తెగిపోతే ఎంత మంచి కాలరైనా అతికించిందేనని తెలిసిపోతుంది. మెడ మీది నీడ ఎక్కడ ఆగిందో చూసి, అదే వాలులో కాలర్ మీదికి పొడిగించాక అది మెడకు పట్టుకుంది.

పిల్లాడు కాస్త పక్కకు తిరిగి కూర్చుంటే కాలర్ రెండు రెక్కలూ సమానంగా ఉండవు. కెమెరా వైపున్నది పెద్దగా, అవతలిది కురచగా కనిపిస్తుంది. ఎడమకు తిరిగిన ఫోటో, కుడికి తిరిగిన ఫోటో తీసిపెట్టుకున్నది ఇందుకే. ఒక రెక్కనే తిప్పి రెండో వైపు అతికిస్తే వెలుగు కూడా తిరగబడుతుంది. ఎడమ రెక్క మీద ఎడమ నుంచి, కుడి రెక్క మీద కుడి నుంచి లైటు పడ్డట్టు!

టై దగ్గర పొరల వరుస ముఖ్యం. అడుగున చొక్కా, దాని మీద టై, అన్నిటికన్నా పైన కాలర్ రెక్కలు. టై ముడి పక్క అంచులు కాలర్ రెక్కల కిందికి దూరాలి. ముడిని కాలర్ పైన పెట్టిన ఐడీ కార్డులు నేనెన్నో చూశాను. ఇంటర్నెట్లో దొరికే టై బొమ్మలు పెద్దమనుషుల కోటు టైలు, ముడి లావుగా, మూడుమూలలుగా ఉంటుంది. మన బడి పిల్లలు వేసుకునేది ఎలాస్టిక్ టై. ముడి ముందే కుట్టేసి ఉంటుంది, చిన్నది, చదునుగా ఉంటుంది. మూడో తరగతి పిల్లాడి మెడకు బ్యాంకు మేనేజరు ముడి వేస్తే నవ్వు రాక ఏమవుతుంది? చారలు కూడా గమనించాలి. కిందికి దిగే బద్దీ మీద చారలు ఒక వాలులో ఉంటే, ముడి మీద వాలు వేరుగా ఉంటుంది, గుడ్డ తిరిగింది కాబట్టి. ఒకే చారల గుడ్డను ముడి ఆకారంలో, బద్దీ ఆకారంలో కత్తిరించి పెడితే రెంటి మీదా చారలు ఒకే వరుసలో సాగిపోతాయి, కాగితం టై అయిపోతుంది.

టై పెట్టే ముందు పై గుండీ చూడాలి. పాత ఫోటోలో పై గుండీ విప్పేసి మెడ కింద చర్మం కనిపిస్తుంటే, దాని మీద టై వేలాడదీయడం కుదరదు. ముందు కాలర్ మూయాలి, తర్వాతే టై. ముడి కింద కూడా చొక్కా మీద చిన్న నీడ వేయాలి, బద్దీ అంచు వెంట ఇంకా సన్నగా. బద్దీ గుండీల పట్టీని అనుసరించి దిగాలి. పిల్లాడు తల వంచాడని టై వంగదు.

బ్యాడ్జి చిన్నదే అయినా ఎక్కువమంది బోల్తాపడేది అక్కడే. స్కూలు వాళ్లు లోగోను పెద్ద సైజులో, నిగనిగలాడేలా పంపిస్తారు. దాన్ని కుదించి జేబు మీద పెడతారు. అందులో బడి పేరు, కింద సంస్కృతంలో సూక్తి, అన్నీ చదవగలిగేలా ఉంటాయి. ఆ స్పష్టతే దొంగను పట్టిస్తుంది.

లెక్క చూద్దాం. పాస్‌పోర్టు సైజు అంటే 35 మిల్లీమీటర్ల వెడల్పు, 45 ఎత్తు. అంగుళానికి 300 చుక్కల చొప్పున అది వెడల్పులో 413 చుక్కలు. పిల్లాడి భుజాల వెడల్పు 32 సెంటీమీటర్లనుకుందాం, అది ఫోటో వెడల్పంతా నిండితే, ఒక సెంటీమీటరు గుడ్డకు దాదాపు 13 చుక్కలు. నాలుగు సెంటీమీటర్ల బ్యాడ్జికి 52 చుక్కలు. ఆ యాభై రెండు చుక్కల్లో ఒక ముద్ర ఆకారం, రెండు రంగులు, ఒక దీపమో పుస్తకమో తెలుస్తుంది. సూక్తి తెలియదు. తెలియకూడదు కూడా. చొక్కా గుండీ అంచు ఎంత మసకగా ఉందో బ్యాడ్జి అంచు కూడా అంతే మసకగా ఉండాలి. Gaussian Blur అర చుక్క నుంచి ముప్పావు చుక్క వరకు, తర్వాత ఫోటోలో ఉన్న గరుకుకు సరిపడా Add Noise ఒకటి రెండు శాతం, అదీ రంగులేని గరుకే. బ్యాడ్జిలోని తెలుపు 255గా వెలిగిపోతుంటే 220కో 225కో దించాలి. అదే ఫోటోలో కంటి తెలుపు కన్నా జేబు మీది గుడ్డ మెరవకూడదు కదా. కుట్టిన బ్యాడ్జి అయితే నీడ ఒక చుక్క మందం చాలు. పిన్నుతో పెట్టుకునే లోహపు బ్యాడ్జి అయితే లైటు వైపు అంచున చిన్న మెరుపు కావాలి.

ఎటువైపు పెట్టాలన్నది చాలా తేలిక ప్రశ్నే. జేబు వేసుకున్నవాడి ఎడమ ఛాతీ మీద, అంటే ఫోటోలో మనకు కుడివైపు. అక్కడే మేం దెబ్బతిన్నాం. ఇద్దరు పిల్లల పాత ఫోటోలు పోతే వాళ్ల ఇళ్ల నుంచి సెల్ఫీలు తెప్పించాం. కొన్ని ఫోన్లు సెల్ఫీని అద్దంలో చూసినట్టు తిప్పి దాచుకుంటాయి. ఒక ఫోటోలో పాత చొక్కా జేబు తప్పువైపు ఉంది. కుర్రాడు జేబును నమ్మి దాని మీదే బ్యాడ్జి పెట్టాడు, నేనూ సరిగా చూడకుండా వదిలేశాను. కార్డు అచ్చయి వెళ్లాక వాళ్లమ్మ వచ్చింది. "ఏమండీ, మావాడి పుట్టుమచ్చ కుడి బుగ్గ మీద ఉంటుంది. కార్డులో అటు మారిపోయిందేంటండీ?" బ్యాడ్జి సంగతి ఆవిడకు పట్టనే లేదు. మగపిల్లల చొక్కాకు ఎడమ పక్క కుడిపక్క మీదికి వస్తుంది. గుండీల పట్టీ చూసి ఉంటే నిమిషంలో తెలిసేది. ఆ కార్డు మా ఖర్చుతో మళ్లీ వేశాం.

అన్నీ అయ్యాక చూసుకునే పద్ధతి ఒకటుంది. పైన ఒక పొర వేసి ఫోటోను నలుపు తెలుపులోకి మార్చండి. రంగు మాయ పోతుంది. అప్పుడు చొక్కా, కాలర్, టై, బ్యాడ్జి అన్నీ ఒకే లైటు కింద ఉన్నట్టున్నాయా అన్నది ఇట్టే తెలుస్తుంది. ఏదో ఒకటి ముందుకు దూకినట్టు కనిపిస్తే అదే తప్పు. తర్వాత ఫోటోను అడ్డంగా తిప్పి చూడండి. గంటసేపు చూసి అలవాటుపడిన కంటికి తప్పులు కొత్తగా కనిపిస్తాయి. చివరికి ఒక్క కార్డు అచ్చువేసి చూడాలి. స్క్రీను మీద పండు మెరూన్‌గా ఉన్నది అచ్చులో నేరేడుపండు నలుపైపోతుంది. మేం మొదటి కార్డు చూసి చొక్కా వెలుతురును పెంచాల్సి వచ్చింది. నమూనా చొక్కాను కార్డు పక్కన పెట్టి, గుమ్మం దగ్గర పగటి వెలుగులో పోల్చుకున్నాం.

ఇంత బాగా చేయగలిగితే వచ్చే బేరాలు కూడా కొన్ని ఉంటాయి. పోలీసు డ్రెస్సులో, భుజం మీద నక్షత్రాలతో ఫోటో చేసిపెట్టమని ఒకతను వచ్చాడు. సంబంధం వాళ్లకు చూపించాలట. కుదరదని పంపించాను. యూనిఫాం ఎవరిదో వాళ్లు ఒప్పుకుంటేనే ఆ పని. పాస్‌పోర్టుకు, వీసాకు ఇచ్చే ఫోటోల్లో అసలే చేయి పెట్టకూడదు, దిద్దిన ఫోటోలు అక్కడ చెల్లవు.

మీ పిల్లల ఫోటోకు ఇలాంటి పని చేయించాల్సి వస్తే, ఫోటోను వాట్సాప్‌లో మామూలుగా పంపకండి, డాక్యుమెంట్‌గా పంపండి. మామూలుగా పంపితే ఫోటో కుదించుకుపోయి మడతలు ముద్దవుతాయి. వీలైతే కొత్త యూనిఫాం గుడ్డ అరచేతి మందాన ఓ ముక్క స్టూడియోకు ఇచ్చి పంపండి. దర్జీ దగ్గర పీలికలు ఎటూ మిగులుతాయి.